ఒకే లారీ, రెండు లాభాలు

అకౌంటెన్సీ తరగతిలో తరుగుదల పాఠం మొదలైందంటే తెర మీదికి వచ్చే స్లయిడ్ ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. ఒక పక్క ఏటా ఒకే ఎత్తున నిలబడ్డ కడ్డీలు. ఇంకో పక్క మొదట పొడుగ్గా ఉండి, ఏటికేడు పొట్టివైపోయే కడ్డీలు. మొదటి బొమ్మ కింద స్థిర వాయిదాల పద్ధతి అనీ, రెండో దాని కింద తగ్గుతున్న నిల్వల పద్ధతి అనీ రాసి ఉంటుంది. ఆడిటర్ల ఆఫీసుల్లో మొదటిదాన్ని ఎస్ఎల్ఎం అంటారు, రెండోదాన్ని డబ్ల్యూడీవీ అంటారు. పిల్లలు రెండు సూత్రాలూ రాసుకుంటారు, లెక్క చేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు.

ఆ స్లయిడ్ మీద సాధారణంగా కనబడనిది లాభం. కడ్డీ పొడుగైతే లాభం ఎంత తగ్గుతుంది, ఏ సంవత్సరం తగ్గుతుంది, తగ్గినది మళ్ళీ ఎప్పుడు తిరిగొస్తుంది? కంపెనీలో వాటా కొన్నవాడికి, అప్పిచ్చిన బ్యాంకుకు, లాభాన్ని బట్టి బోనస్ తీసుకునే మేనేజరుకు కావలసింది ఆ సంగతి. దాన్ని ఒక్క లారీ మీద లెక్కవేసి చూడవచ్చు.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బాడీ కట్టించుకుని రోడ్డెక్కిన ఒక కొత్త లారీని తీసుకుందాం. యజమాని ఒక ప్రైవేట్ లిమిటెడ్ రవాణా కంపెనీ. చాసిస్, బాడీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 40 లక్షల రూపాయలు అయిందనుకుందాం. ఏప్రిల్ 1న మొదటి లోడు ఎత్తింది. డీజిల్, టైర్లు, డ్రైవర్ జీతం, బత్తా, టోల్, ఇన్సూరెన్స్, వడ్డీ అన్నీ పోగా ఈ లారీ మీద ఏడాదికి 12 లక్షలు మిగులుతున్నాయనీ, ఆరేళ్ళూ అలాగే మిగులుతాయనీ అనుకుందాం. నిజ జీవితంలో కిరాయిలు ఇంత నిలకడగా ఉండవు. కానీ పద్ధతి వల్ల వచ్చే తేడా విడిగా కనబడాలంటే మిగతావన్నీ కదలకుండా ఉంచక తప్పదు.

ఈ 12 లక్షలు లాభం కాదు, లారీ అరుగుదల ఇంకా లెక్కలోకి రాలేదు. చాలామంది లారీ యజమానులు నెలవారీ కిస్తీనే ఖర్చుగా చూస్తారు, ఆ లెక్కన తరుగుదలతో వాళ్ళకు పని లేదు. ఖాతా పుస్తకం మాత్రం అలా చూడదు. కిస్తీలోని వడ్డీ ఖర్చు, అసలు తీర్చడం ఖర్చు కాదు, అప్పు తగ్గడం అంతే. లారీ కోసం పెట్టిన 40 లక్షలు ఖర్చుగా మారేది తరుగుదల రూపంలోనే. డబ్బు కొన్న రోజే వెళ్ళిపోయింది. దాన్ని ఏయే సంవత్సరాల లాభంలోంచి ఎంతెంత కోయాలన్నదే ఈ రెండు పద్ధతుల మధ్య తగాదా.

ఎన్నేళ్ళకు పంచాలి? 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ఇందుకు ఆస్తుల జీవితకాలాలు ఇచ్చింది. కిరాయికి తిప్పే లారీలకు 6 సంవత్సరాలు. చివర్లో మిగిలే అవశేష విలువ, అంటే మామూలు మాటల్లో తుక్కు విలువ, సాధారణంగా కొన్న ధరలో 5 శాతం మించకూడదని కూడా చెప్పింది. 40 లక్షల్లో 5 శాతం అంటే 2 లక్షలు. కాబట్టి ఆరేళ్ళలో ఖర్చు రాయవలసింది 38 లక్షలు.

స్థిర వాయిదాల పద్ధతిలో ఇక ఆలోచించేది ఏమీ లేదు. 38 లక్షలను ఆరుతో భాగిస్తే ఏటా 6.33 లక్షలు. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఒక శాతం కావాలి, ఆ శాతాన్ని ఏటా పుస్తకంలో మిగిలిన విలువ మీద వేస్తూ పోవాలి. 40 లక్షలు సరిగ్గా ఆరేళ్ళకు 2 లక్షలకు దిగాలంటే ఆ శాతం ఎంత? అవశేష విలువను ధరతో భాగించి, దానికి ఆరో మూలం తీసి, ఒకటిలోంచి తీసేస్తే వస్తుంది. ఈ లారీకి అది 39.30 శాతం. మొదటి సంవత్సరం 40 లక్షల మీద 15.72 లక్షలు పోతాయి, 24.28 లక్షలు మిగులుతాయి. రెండో ఏడాది ఆ 24.28 మీద అదే శాతం, అంటే 9.54 లక్షలు. ఇలా దిగుతూ ఆరో ఏడాదికి తరుగుదల 1.30 లక్షలకు వస్తుంది. ఆరేళ్ళదీ కూడితే ఇదీ 38 లక్షలే.

ఇప్పుడు స్లయిడ్ చూపని పట్టిక. అంకెలన్నీ లక్షల రూపాయల్లో. తరుగుదలకు ముందు మిగులు ఏటా 12.

| సంవత్సరం | స్థిర వాయిదా: తరుగుదల | లాభం | తగ్గుతున్న నిల్వ: తరుగుదల | లాభం |
|---|---|---|---|---|
| 1 | 6.33 | 5.67 | 15.72 | 3.72 నష్టం |
| 2 | 6.33 | 5.67 | 9.54 | 2.46 |
| 3 | 6.33 | 5.67 | 5.79 | 6.21 |
| 4 | 6.33 | 5.67 | 3.52 | 8.48 |
| 5 | 6.33 | 5.67 | 2.13 | 9.87 |
| 6 | 6.33 | 5.67 | 1.30 | 10.70 |
| మొత్తం | 38 | 34 | 38 | 34 |

మొదటి వరస చూడండి. అదే లారీ, అవే లోడ్లు, అదే డ్రైవరు. ఒక పుస్తకంలో ఐదున్నర లక్షలకు పైగా లాభం, ఇంకో పుస్తకంలో దాదాపు మూడు లక్షల డెబ్బై వేలు నష్టం. బ్యాంకు ఖాతాలో రెండు చోట్లా ఒకటే మొత్తం ఉంటుంది. మూడో ఏడాది దగ్గర రెండు దారులూ కలుసుకుని ఒకదాన్నొకటి దాటిపోతాయి. అక్కణ్ణుంచి నిన్నటి నష్టాల కంపెనీ మొనగాడిలా కనబడుతుంది. దాని లాభం 2.46 నుంచి 10.70 లక్షలకు నాలుగింతలకు పైగా పెరిగింది. ఆ పెరుగుదలకు యాజమాన్యం చేసింది ఏమీ లేదు. కొత్త లోడు ఒక్కటి కూడా రాలేదు, కిరాయి పైసా పెరగలేదు. లారీ పాతబడింది, అంతే.

పాఠాల్లో ఈ పోలికను చెడగొట్టే అలవాటు ఒకటుంది. చాలా స్లయిడ్లలో రెండు పద్ధతులకూ ఒకే శాతం ఇచ్చి లెక్క చేయిస్తారు. లెక్క సులభంగా ఉంటుంది కానీ అర్థం తలకిందులవుతుంది. ఈ లారీకి ఆరేళ్ళు కాబట్టి ఏటా ఆరో వంతు, అంటే 16.67 శాతం అనుకుని, అదే శాతాన్ని తగ్గే నిల్వ మీద వేసుకుంటూ పోతే ఆరేళ్ళ తర్వాత పుస్తకంలో ఇంకా 13.40 లక్షలు మిగిలి ఉంటాయి. లారీ తుక్కుకు పోయే రోజున అందులో అధిక భాగం ఒక్కసారిగా నష్టంగా మీద పడుతుంది. పాత 1956 చట్టం పద్నాలుగో షెడ్యూలు ఈ పొరపాటు చేయలేదు. కిరాయి లారీలకు స్థిర పద్ధతిలో 16.21 శాతం, తగ్గే పద్ధతిలో 40 శాతం అని వేర్వేరు రేట్లు ఇచ్చింది. రెండు పద్ధతులనూ పోల్చాలంటే రెండూ ఒకే గడువుకు ఒకే అవశేషానికి చేరాలి. లేకపోతే పోలుస్తున్నది పద్ధతులను కాదు, రెండు వేర్వేరు జీవితకాలాలను.

మరి రెండింట్లో ఏది నిజానికి దగ్గర?

తగ్గే పద్ధతి తరఫున పుస్తకాలు ఎప్పుడూ చెప్పే వాదన మరమ్మతులది. బండి కొత్తగా ఉన్నప్పుడు రిపేర్లు తక్కువ, తరుగుదల ఎక్కువ. పాతబడ్డాక ఇంజిన్ పని, గేర్‌బాక్స్, కమాన్‌పట్టీలు, ఎఫ్‌సీకి ముందు బాడీ పని అంటూ ఖర్చు పెరుగుతుంది, తరుగుదల తగ్గుతుంది. రెండూ కలిపితే ఏటా సమానంగా పడుతుందన్నమాట. వినడానికి ఇంపుగానే ఉంది. మన లారీ మీద పెట్టి చూస్తే మాత్రం నిలవదు. మొదటి ఏడాదికీ ఆరో ఏడాదికీ మధ్య తరుగుదల 14 లక్షలకు పైగా పడిపోయింది. దాన్ని పూడ్చాలంటే ఆరో ఏడాది రిపేర్లు మొదటి ఏడాదికన్నా 14 లక్షలు ఎక్కువ కావాలి. 40 లక్షల బండికి ఏటా అంత రిపేరు పడితే ఏ యజమానీ దాన్ని అట్టిపెట్టుకోడు. వాదన దిశ సరైనదే, మోతాదు సరిపోదు.

ఇంకో వాదన బలమైనది. కొత్త బండి షోరూం దాటిన మొదటి ఏడాదే మార్కెట్లో ఎక్కువ పడుతుంది, తర్వాత పడడం నెమ్మదిస్తుంది. తగ్గే పద్ధతి వంపు ఆకారం దీనికి సరిపోతుంది. కానీ 39.30 శాతం అనే తీవ్రత ఎక్కడిదో గమనించాలి. అది లారీ స్వభావంలోంచి వచ్చింది కాదు, 5 శాతం అవశేషం అన్న ఊహలోంచి వచ్చింది. ఆరేళ్ళ లారీని 2 లక్షలకే వదులుకోవలసి వస్తుందా? బాగా చూసుకున్న బండికి కొనేవాడు అంతకంటే మెరుగైన ధర చెప్పవచ్చు. ఆ ధర 25 శాతం, అంటే 10 లక్షలు అనుకుంటే స్థిర పద్ధతి తరుగుదల 6.33 నుంచి 5 లక్షలకు దిగుతుంది. తగ్గే పద్ధతి శాతం 39.30 నుంచి 20.63కు దిగుతుంది, మొదటి ఏడాది తరుగుదల 15.72 నుంచి 8.25 లక్షలకు వస్తుంది. అంటే ఇంచుమించు సగం. నష్టాల కంపెనీ కాస్తా మూడు లక్షల డెబ్బై అయిదు వేల లాభంలోకి వచ్చేస్తుంది.

ఈ సంగతి స్లయిడ్లలో అరుదుగా కనబడుతుంది. తగ్గే పద్ధతి జాగ్రత్తపరుల పద్ధతి అని పేరు. నిజానికి అది అవశేష విలువ అనే ఒక్క ఊహ మీద స్థిర పద్ధతి కంటే ఎంతో ఎక్కువగా ఆధారపడి ఉంది. అవశేషం సున్నా అంటే సూత్రం పనే చేయదు, శాతం నూటికి నూరు అయిపోతుంది. షెడ్యూలు చెప్పిన 5 శాతం మాత్రం ఇనుప గోడ కాదు. వేరే జీవితకాలం గానీ వేరే అవశేషం గానీ వాడుకోవచ్చు, కాకపోతే ఆ తేడాను నివేదికలో బయటపెట్టాలి, సాంకేతిక నిపుణుల సలహాతో సమర్థించాలి. ఆ శ్రమ ఎందుకని షెడ్యూలు అంకెనే వేసుకుని, దాని మీద తగ్గే పద్ధతి నడిపే కంపెనీ మొదటి రెండేళ్ళ లాభాన్ని తానే కావాలని చిన్నది చేసుకుంటోంది.

లారీని మధ్యలో అమ్మితే ఏమవుతుంది? మూడేళ్ళు తిప్పి 18 లక్షలకు అమ్మేశారనుకుందాం. స్థిర పద్ధతి పుస్తకంలో అప్పటికి 19 లక్షలు కోసి 21 లక్షలు మిగిలి ఉంటుంది, కాబట్టి అమ్మకంలో 3 లక్షల నష్టం. తగ్గే పద్ధతి పుస్తకంలో మిగిలింది 8.95 లక్షలే, కాబట్టి అదే అమ్మకం మీద 9.05 లక్షల లాభం. మూడేళ్ళ నడక లాభానికి దీన్ని కలిపితే మొదటిదానిలో 17 లోంచి 3 పోయి 14 లక్షలు. రెండోదానిలో 4.95కు 9.05 కలిసి అదే 14. పాత ఆస్తులు అమ్మినప్పుడల్లా లాభం చూపే కంపెనీకి బేరమాడే నేర్పు ఎక్కువని జనం అనుకుంటారు. చాలాసార్లు అది నేర్పు కాదు, ముందు సంవత్సరాల్లో అతిగా కోసిన తరుగుదల తిరిగొస్తోంది. అమ్మకాల్లో ఎప్పుడూ నష్టమే కనబడుతుంటే జీవితకాలం మరీ ఎక్కువ వేసుకున్నారనో, అవశేషం మరీ పెద్దదిగా ఊహించారనో అనుమానించాలి.

ఇంతవరకూ ఒక్క లారీ కథ. కంపెనీలు ఒక్క లారీతో ఆగవు. ఏటా ఏప్రిల్‌లో ఒక కొత్త లారీ, అదే ధరకు కొంటూ పోయే కంపెనీని ఊహిద్దాం. మొదటి ఏడాది మొత్తం తరుగుదల స్థిర పద్ధతిలో 6.33 లక్షలు, తగ్గే పద్ధతిలో 15.72. మూడో ఏడాది 19, 31.05. ఐదో ఏడాదికి 31.67, 36.70. ఆరో ఏడాదికి రెండూ 38 లక్షల దగ్గర కలిసిపోతాయి. అప్పటికి ఒకటో ఏడాది లారీ నుంచి ఆరో ఏడాది లారీ దాకా అన్ని వయసులవీ కంపెనీలో ఉన్నాయి. ఒకదాని పెద్ద తరుగుదలను ఇంకోదాని చిన్న తరుగుదల సర్దేస్తుంది. ఏటా ఒక పాతది పోయి ఒక కొత్తది వచ్చినంత కాలం లాభంలో తేడా ఉండదు.

తేడా పోయిందా? లాభంలోంచి పోయింది, ఆస్తి అప్పుల పట్టీలో కూర్చుంది. ఆరో ఏడాది చివర ఆరు లారీల పుస్తక విలువ స్థిర పద్ధతిలో 107 లక్షలు, తగ్గే పద్ధతిలో 58.70 లక్షలు. ఆరు లారీల మీద ఆ ఏడాది లాభం రెండు చోట్లా 34 లక్షలే. కానీ పెట్టిన ఆస్తి మీద రాబడి ఎంత అని లెక్కవేసేవాడికి ఒక చోట సుమారు 32 శాతం, ఇంకో చోట 58 శాతం కనబడుతుంది. రెండు రవాణా కంపెనీలను పక్కపక్కన పెట్టి రాబడి శాతంతో తూచే వాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. తరుగుదల పద్ధతి చూడకుండా రాబడి శాతాలు పోల్చడం దండగ పని. బండ్ల సంఖ్య ఏటా పెరుగుతూ పోయే కంపెనీలో మాత్రం లాభంలో తేడా కూడా తీరదు. కొత్త బండ్ల బరువు ఎప్పుడూ ఎక్కువ కాబట్టి తగ్గే పద్ధతి లాభాన్ని తక్కువగానే చూపిస్తూ ఉంటుంది. విస్తరణ ఆగిన ఏడాది లాభం హఠాత్తుగా లేస్తుంది.

పన్ను మాటేమిటని ఎవరైనా అడుగుతారు. తగ్గే పద్ధతి పెట్టుకుంటే పన్ను తగ్గుతుందని చిన్న కంపెనీల్లో గట్టి నమ్మకం. అది దాదాపు పూర్తిగా తప్పు. 2026 మార్చి 31తో ముగిసే సంవత్సరం దాకా వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం కంపెనీ పుస్తకాల తరుగుదలను పక్కన పెట్టి తన లెక్క తాను వేసుకుంటుంది. కిరాయి లారీలకు తగ్గే నిల్వ మీద 30 శాతం. ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగం. మన లారీకి మొదటి ఏడాది పన్ను లెక్కల తరుగుదల 12 లక్షలు, మిగులు కూడా 12 లక్షలే, కాబట్టి పన్ను వేయదగ్గ ఆదాయం సున్నా. పుస్తకంలో 5.67 లక్షల లాభం చూపినా సున్నాయే, 3.72 నష్టం చూపినా సున్నాయే. ఇప్పుడు తప్పిన ఈ పన్ను తర్వాత ఎదురొస్తుంది గనక, స్థిర పద్ధతి కంపెనీ తన లాభంలోంచి వాయిదా పన్ను అనే పేరుతో కొంత పక్కన చూపాలి. 25.168 శాతం రేటు ఎంచుకున్న కంపెనీకి అది 1.43 లక్షలు. పాత రేట్లలోనే ఉండి, పుస్తక లాభం మీద కనీస ప్రత్యామ్నాయ పన్ను పడే కంపెనీకి మాత్రం పుస్తకంలో ఎంచుకున్న పద్ధతి జేబుకు తగులుతుంది. ఇక పది లారీలు దాటని యజమానులకు బండికి ఇంత అని ఊహాత్మక ఆదాయం చూపే వెసులుబాటు ఉంది. దాన్ని వాడుకునేవాళ్ళకు పన్ను కోసం ఈ తగాదాతోనే పని లేదు.

పన్ను కదలకపోయినా డివిడెండ్ కదులుతుంది. కంపెనీల చట్టం ప్రకారం తరుగుదల కోసిన తర్వాత మిగిలిన లాభంలోంచే డివిడెండ్ ఇవ్వాలి. వెనకటి నిల్వలేవీ లేని కొత్త కంపెనీ తగ్గే పద్ధతిలో మొదటి ఏడాది వాటాదారుల చేతిలో రూపాయి పెట్టలేదు. బ్యాంకు మేనేజరు మాత్రం అప్పు తీర్చే శక్తిని లెక్కవేసేటప్పుడు తరుగుదలను తిరిగి కలుపుకుంటాడు కాబట్టి అక్కడ తేడా రాదు. కంపెనీ సొంత నిధి తగ్గి, అప్పుకూ సొంత నిధికీ నిష్పత్తి పాడవుతుంది, ఆ గండి దగ్గర చిక్కు వస్తుంది.

అసలు కిటుకంతా పద్ధతి మార్చే రోజున ఉంది.

తగ్గే పద్ధతిలో రెండేళ్ళు నడిపి, మొదటి కష్టకాలం గడిచాక, మూడో ఏడాది స్థిర పద్ధతికి మారిన కంపెనీని చూడండి. అప్పటికి కోసింది 25.26 లక్షలు. మొదటి నుంచీ స్థిర పద్ధతే ఉంటే కోయవలసింది 12.67. తేడా 12.59 లక్షలు. పాత అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 6 ప్రకారం పద్ధతి మారిస్తే వెనక్కి వెళ్ళి లెక్క తిరగరాసి, ఆ తేడా మొత్తాన్ని మార్చిన సంవత్సరం లాభనష్టాల ఖాతాలోనే చూపాలి. అంటే మూడో ఏడాది మామూలు 5.67 లక్షల మీద 12.59 వచ్చి పడి లాభం 18.26 లక్షలవుతుంది. ఆ ఏడాది లారీ మీద చేతికొచ్చిందే 12 లక్షలు! చేతికొచ్చిన దానికన్నా లాభం ఎక్కువ చూపిన ఘనత అది. మార్పును, దాని మొత్తాన్ని నోట్‌లో వెల్లడించాలన్న షరతు అప్పుడూ ఉంది. నోట్లు చదివే ఓపిక ఎంతమందికి ఉంటుందన్నది వేరే సంగతి.

2016 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే సంవత్సరాల నుంచి సవరించిన ఏఎస్ 10 ఈ దారి మూసింది. పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 16 మాటా అదే. పద్ధతి మార్పును ఇప్పుడు అంచనా మార్పుగా చూస్తారు, వెనక్కి వెళ్ళడం ఉండదు. మూడో ఏడాది మొదట్లో మిగిలిన 14.74 లక్షల్లోంచి అవశేషం 2 తీసేసి, మిగతాది నాలుగేళ్ళకు పంచుతారు. ఏటా 3.18 లక్షలు. మారకపోతే 6.21గా ఉండవలసిన లాభం 8.82 అవుతుంది. పెరుగుదల ఉంది, కానీ దూకుడు లేదు. ఈ నాలుగేళ్ళ లాభం మొదటి నుంచీ స్థిర పద్ధతిలో ఉన్న కంపెనీ లాభం కంటే కూడా ఎక్కువన్నది గమనించవలసిన ముచ్చట. మొదటి రెండేళ్ళు అతిగా కోసిన ఫలం ఇంకా అందుతోంది.

ఇలాంటి మార్పు అనుమానించదగ్గదే అయి ఉండాలని లేదు. జపాన్ కంపెనీలు చాలాకాలం తగ్గే పద్ధతిని ఇష్టపడ్డాయి, తర్వాత ఒక్కొక్కటిగా స్థిర పద్ధతికి వచ్చాయి. హోండా 2012 ఏప్రిల్ 1 నుంచి మారింది. యంత్రాల వాడకం వల్ల వచ్చే ప్రయోజనాన్ని స్థిర పద్ధతే మెరుగ్గా చూపిస్తుందని కారణం చెప్పుకుంది. మన దగ్గర ఇన్ఫోసిస్, హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ లాంటి పెద్ద కంపెనీలు స్థిర పద్ధతిలోనే నడుస్తున్నాయి. ప్రమాణం కోరేది ఒక్కటే: ఆస్తి నుంచి ప్రయోజనం ఏ తీరున అందుతుందో పద్ధతి ఆ తీరును చూపాలి, ఏటా ఒకసారి దాన్ని సరిచూసుకోవాలి. ఆ లెక్కన ఏటా దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగి అన్నే లోడ్లు మోసే లారీకి స్థిర పద్ధతి న్యాయమైనది. అవశేష విలువ మాత్రం నిజాయతీగా వేసుకోవాలి. మూడేళ్ళలో వెనకబడిపోయే కంప్యూటర్ల లాంటి వాటికి తగ్గే పద్ధతిని సమర్థించవచ్చు.

ఏ కంపెనీ వార్షిక నివేదిక చేతికొచ్చినా ముందు ముఖ్యమైన అకౌంటింగ్ విధానాల నోట్ తెరవాలి. తరుగుదల ఏ పద్ధతిలో, ఎన్నేళ్ళకు, ఎంత అవశేషంతో అన్నది అక్కడ రాసి ఉంటుంది. తర్వాత స్థిరాస్తుల నోట్‌లో ఆ ఏడాది తరుగుదలను ఆస్తుల మొత్తం కొనుగోలు ధరతో భాగించి, వెనకటి ఏడాది నిష్పత్తితో పోల్చాలి. కొత్త కొనుగోళ్ళు లేకుండానే ఆ నిష్పత్తి ఏటా మెల్లగా దిగుతుంటే అది తగ్గే పద్ధతి పని. పద్ధతి పేరు అదే ఉండి నిష్పత్తి ఒక్కసారిగా పడితే జీవితకాలమో అవశేషమో మార్చి ఉంటారు. ఆ మార్పు లాభాన్ని ఎంత కదిపిందో నివేదిక చెప్పాలి. చెప్పకపోతే వార్షిక సర్వసభ్య సమావేశంలో అడగండి. మినహాయింపు పొందితే తప్ప ఆడిటరు స్వయంగా గానీ, ఆడిటరు కాగల అర్హత ఉన్న ప్రతినిధి ద్వారా గానీ ఆ సమావేశానికి హాజరు కావాలని కంపెనీల చట్టం 146వ సెక్షన్ చెబుతోంది.